ఏటిగట్టు మీద ఇరవై అయిదు

మా కాలేజీలో నాతో పనిచేసిన, నాకన్నా ఆరేళ్ళు పెద్దయిన లెక్కల మాస్టారికి జ్ఞాపకం తగ్గుతోందని తెలిశాక, రోజూ సాయంత్రం ఆయన్ని సఖినేటిపల్లి ఏటిగట్టుకి నడిపించే పని నేను పెట్టుకున్నాను. మాట్లాడిస్తూ ఉండమని డాక్టరు చెప్పారట. మాస్టారి కోడలు ఆ పని నాకు అప్పజెప్పింది. నేనూ లెక్కలవాణ్ణే. పోల్చడానికి వీలుగా ఉంటుందని రోజూ ఒకే ప్రశ్న అడిగి, జవాబు డైరీలో రాసేవాణ్ణి.

గ్రేడియంట్ చూపే వైపే ఎత్తు అన్నిటికన్నా వేగంగా ఎందుకు పెరుగుతుంది?

మా ప్రాంతంలో కొండల్లేవు. అందుకని ఆయన ఏళ్ళ తరబడి ఈ పాఠానికి పిల్లల్ని గట్టు దగ్గరికే తీసుకొచ్చేవారు. వరద తీశాక వాలు మీద మిగిలే నీటి చార వెంట నడిస్తే ఎత్తు మారదు. దానికి అడ్డంగా తిన్నగా ఎక్కితే రొప్పు వస్తుంది. కొబ్బరికాయల ట్రాక్టర్ల ర్యాంపు ఈ రెంటికీ మధ్య ఏటవాలుగా పోతుంది.

మొదట్లో జవాబు తడుముకోకుండా చెప్పేవారు. "తూర్పుకి ఎంత లేస్తోందో, ఉత్తరానికి ఎంత లేస్తోందో కలిపి ఒక బాణం చేస్తే అదే గ్రేడియంటండి. మీరు నడిచే దిక్కుకీ దానికీ మధ్య కోణం చూడండి. బాణం పొడవుని ఆ కోణం కొసైన్‌తో గుణిస్తే అడుగుకి ఎంత ఎక్కుతారో వస్తుంది. అదే డైరెక్షనల్ డెరివేటివ్. కొసైన్ ఒకటికి మించదు. కోణం సున్న అయితేనే ఒకటి. అంచేత బాణం వైపు పోయేవాడికే ఆయాసం ఎక్కువ, ఆయ్."

కొన్ని నెలలకి కొసైన్ పోయింది. "అదేనండీ, ఆ కోణానిది" అనేవారు. అదీ రాసుకున్నాను.

ఒక సాయంత్రం అంకెలు ఇచ్చి చూశాను. గ్రేడియంట్ తూర్పుకి మూడు, ఉత్తరానికి నాలుగు. అదే దిక్కుకి నడిస్తే అడుగుకి ఎంత అని. ఆయన వేళ్ళు ముడుస్తూ చాలాసేపు లెక్కకట్టారు. "తొమ్మిదీ పదహారూ. ఇరవై అయిదండి." మొహం వెలిగింది.

దిక్కు చూపే బాణాన్ని దాని పొడవు అయిదుతో భాగించి, పొడవు ఒకటి చేయడం మరిచిపోయారు. పిల్లలు ఇదే తప్పు చేస్తే, "పొడుగు అడుగేసి గట్టు పెరిగిందంటావేంటయ్యా" అని నవ్వుతూ మార్కులు కోసేసేది ఆయనే.

"పొడవుతో భాగించలేదండి. అయిదు," అన్నాను. నలభై ఏళ్ళు పేపర్లు దిద్దిన అలవాటు నాది.

ఆయన ఆగిపోయారు. నెమ్మదిగా అన్నారు. "పేపర్లు ఇహ మీరే దిద్దండి మాస్టారూ. నా వల్ల కాదు."

ఆ తరవాత ఆ ప్రశ్నకి ఆయన జవాబు చెప్పలేదు. అడిగితే ఏటి వైపు చూసేవారు. డాక్టరు మాట్లాడించమన్నారు గాని, దిద్దమనలేదు.

తిన్నగా గట్టెక్కే మనిషిని ఇప్పుడు ర్యాంపు మీదుగా తీసుకెళ్తున్నాను. నిన్న సగం ఎక్కాక ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకి తిరిగి, నీటి చార వెంట నడవసాగారు. పైకి రమ్మని నేను అనలేదు. చీకటి పడేదాకా అలాగే నడిచాం.

ఇంటికొచ్చి ఆ పాత పేజీ తీశాను. "25 అన్నారు. తప్పు. జవాబు 5" అని ఉంది. ఆయన మొహం వెలిగిన సంగతి రాయలేదు.