సగం నర్సు

నాకు ముక్కు మీద కోపమని చిన్నప్పటి నుంచీ పేరు. భిలాయి సెక్టర్ 2లో మా క్వార్టర్ల వరస ఈ చివర నేను అరిస్తే ఆ చివర వినిపించేదట. అది తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. నెహ్రూ నగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో ఆ కోపమే నాకు అక్కరకొచ్చింది.

నేను డాక్టర్నీ కాదు, నర్సునీ కాదు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివాను. ఆపరేషన్లయిన వాళ్లుండే వార్డులో ఏ గంటకి ఎందరు నర్సులు కావాలో చూసి, దానికి తగ్గ డ్యూటీలు వేసే పని మీద నన్ను కాంట్రాక్టులో పెట్టుకున్నారు. అక్కడ డ్యూటీ పన్నెండు గంటలు. ఒక బ్యాచ్ పొద్దున్న ఆరింటికి ఎక్కుతుంది, ఇంకోటి మధ్యాహ్నం రెండింటికి, మూడోది రాత్రి పదింటికి. ఒక్కో బ్యాచ్‌లో ఎంతమందిని పెట్టాలన్నదే నేను తేల్చాల్సిన లెక్క.

ఏ గంటకి ఎందరు కావాలో నాకు చెప్పింది వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు. రైల్వే వాళ్ల కుటుంబం, మూలాలు పలాస వైపు. ఆవిడ వెనకాలే తిరిగి వారాల తరబడి గంటగంటకీ పని రాసుకున్నాను. పొద్దున్న ఆరు నుంచి పది దాకా రక్తం శాంపిళ్లు, డ్రెస్సింగులు, పేషెంట్లని థియేటర్‌కి పంపడం. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆపరేషన్లు పూర్తయినవాళ్లు వరసగా స్ట్రెచర్ల మీద తిరిగొస్తారు. రాత్రి పది నుంచి రెండు దాకా నొప్పులు, ఇంజెక్షన్లు, రాయపూర్ రోడ్డు మీద యాక్సిడెంట్ కేసులు. ఈ మూడు వేళల్లో ముగ్గురు ఉండాల్సిందే. మిగతా గంటల్లో ఒకరున్నా నెట్టుకురావచ్చు.

దీన్నే నేను ఇంటిజర్ ప్రోగ్రామ్‌గా రాశాను. పేరు చూసి భయపడక్కర్లేదు. ప్రతి గంటకీ ఆ గంటలో డ్యూటీలో ఉన్నవాళ్లు కావలసినంతమందికి తగ్గకూడదు, మొత్తం మీద మనుషులు వీలైనంత తక్కువ ఉండాలి, బ్యాచ్‌లో పెట్టే సంఖ్య పూర్ణాంకం అయితీరాలి. అంటే ఒకరో, ఇద్దరో, ముగ్గురో. కంప్యూటర్ పొద్దున్న ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒకరు అని చూపించింది. రోజుకి అయిదుగురు. సరిగ్గా అంతమందే అప్పటికి వస్తున్నారు కూడా.

మా మేనేజరుకి అది నచ్చలేదు. ఒకర్ని తగ్గించడానికే నన్ను తెచ్చుకున్నాడాయన. పోవలసింది ఎవరో కూడా అనుకున్నాడు. కాంట్రాక్టు మీద ఆఖర్న చేరిన పిల్ల, భిలాయిలోనే పుట్టి పెరిగిన మన తెలుగమ్మాయి. తల్లి మందులు, ఇంటి అద్దె, అన్నీ ఆ ఉద్యోగం మీదే.

ఒకరోజు ఆయన నా లెక్క తెరిచి, సంఖ్యలు పూర్ణాంకాలే కావాలన్న షరతు దగ్గరున్న టిక్కు తీసేసి, మళ్లీ నడిపించాడు. ఒక్కో బ్యాచ్‌కి ఒకటిన్నర, మొత్తం నాలుగున్నర వచ్చింది. రాక చస్తుందా! షరతు ఎత్తేస్తే జవాబు తగ్గుతుంది, లేదా అక్కడే ఉంటుంది, పెరగడమంటూ ఉండదు. ఆయన మాత్రం గని తవ్వి బంగారం తీసినట్టు మొహం వెలిగించుకుని, "కంప్యూటరే చెప్పింది, అయిదు అక్కర్లేదు. ఆ సగం వదిలేస్తే నాలుగు" అన్నాడు.

ఆ మాట సాయంత్రానికల్లా వార్డు చేరింది. క్యాంటీన్ దగ్గర ఆ పిల్ల నన్ను పట్టుకుంది. నవ్వుతూనే అడిగింది.

"దీదీ, ఆ ఆధా అంటున్నది నన్నే కదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు సగమేంటే? నిన్ను ఎవడు కోశాడే?" అని దాని మీదే అరిచాను. తర్వాత సిగ్గేసి టీ ఇప్పించాను.

మర్నాడు మీటింగు రూములో బోర్డు ముందు నిలబడ్డాను. ఇన్‌ఛార్జి సిస్టరు కూడా వచ్చింది. మేనేజరు తెలివితక్కువవాడేం కాదు, ముందే సిద్ధపడి వచ్చాడు.

"ఒకటిన్నర అంటే ఇవాళ ఒకరు, రేపు ఇద్దరు. సగటున సరిపోతుంది కదా" అన్నాడు.

"ఇవాళ స్ట్రెచర్ మీద వచ్చినవాడు రేపొచ్చే నర్సుని ఏం చేసుకుంటాడు సార్?"

బోర్డు మీద తొమ్మిది కుర్చీలు గీశాను. మూడు వేళలు, వేళకి మూడు కుర్చీలు. ఏ బ్యాచ్ నర్సయినా తన పన్నెండు గంటల్లో సరిగ్గా రెండు వేళలకి అందుతుంది. పొద్దున్న ఎక్కినామె పొద్దుటికీ మధ్యాహ్నానికీ, మధ్యాహ్నం ఎక్కినామె మధ్యాహ్నానికీ రాత్రికీ, రాత్రి ఎక్కినామె రాత్రికీ మర్నాటి పొద్దుటికీ. అంటే ఒక్కో మనిషి రెండు కుర్చీలు నింపుతుంది. నలుగురు ఎనిమిదే నింపుతారు. ఎలా తిప్పి కూర్చోబెట్టినా తొమ్మిదో కుర్చీ ఖాళీ.

ఎనిమిదిని తొమ్మిది చెయ్యలేనని ఆయనకీ తెలుసు. అందుకని దారి మార్చాడు. "అయితే ఆ మూడుని రెండు చెయ్యి. నీ షీటులో ఒక్క అంకె మార్చడమే కదా."

మారిస్తే కంప్యూటర్ కిక్కురుమనదు. రోజుకి ముగ్గురు చాలని కూడా చెబుతుంది. మనం ఎంత కావాలంటే అంతకే అది లెక్క కడుతుంది, వార్డులోకి తొంగి చూడదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

ఇన్‌ఛార్జి సిస్టరు కుర్చీలోంచి లేచింది. "ఏటి బాబూ, రెండు సేస్తారా? థియేటర్ నించి ఒక్కసారే నాలుగు స్ట్రెచర్లొస్తే మీరొచ్చి పట్టుకుంతారా?" తెలుగు రాని ఆయనకి అది తెలుగులోనే అంది. నేను అనువదించలేదు, అవసరం కూడా పడలేదు.

నేను ఒక తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "నలుగుర్నే పెట్టండి సార్, మీ ఇష్టం. కానీ ఏ వేళ ఒక నర్సు తక్కువో మీరే రాసి సంతకం చెయ్యండి. వార్డు తలుపు మీద నేనే అంటిస్తాను. ఆ వేళకి ఎవరి మనిషి మంచం మీద ఉంటాడో వాళ్లు చదువుకుంటారు."

ఆయన పెన్ను తియ్యలేదు. "నీ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది, గుర్తుందా?" అన్నాడు.

"ఉంది సార్. నేను పోయినా కుర్చీలు తొమ్మిదే."

నోరు జారలేదు, కావాలనే అన్నాను. భయం వేయలేదని చెప్పను. ఇంటికెళ్లి చెబితే మా అమ్మ తల పట్టుకుంది. "ఏటే నీ తెగింపు, ఊళ్లో ఆస్పత్రులన్నీ నీకోసం కాసుక్కూచున్నాయేటి?" అంది. లేవు. నెలాఖరుకి నన్ను పంపేశారు. కానీ ఆ కాగితం మీద సంతకం ఎవ్వరూ పెట్టలేదు. సంతకం లేనిదే నలుగురి డ్యూటీ చార్టుని ఇన్‌ఛార్జి సిస్టరు వార్డులో పెట్టనివ్వలేదు. అయిదుగురూ ఉన్నారు.

ఇప్పుడు హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో మెషీన్లకి మనుషుల్ని వేస్తున్నాను. చేరిన వారానికే ఇక్కడ కూడా ఒకాయన రెండున్నర మందితో సర్దమన్నాడు. ఆయనకీ కుర్చీలు గీసి చూపించాను.

మొన్న ఆ పిల్ల ఫోన్ చేసింది. పొద్దుటి డ్యూటీ దిగి ఆటో కోసం నిలబడిందట, వెనక ట్రక్కుల హారన్లు. ఏం చేస్తున్నావే అని అడిగాను.

"అలిసిపోయాను దీదీ," అంది, "పూరీ కీ పూరీ."

అంటే మొత్తానికి మొత్తం. సగం మనిషి అలా అలిసిపోదు.