లచ్చిమత్త పుట్టిన పొద్దు

మామిడికాయ తొడిమ విరిస్తే చిమ్మే సొన వాసన ముక్కుకు తగిలితే చాలు, నా ఎడమ చెంప ఇప్పటికీ చురుక్కుమంటాది. మొన్న చిత్తూరు బజారులో గంప ముందర కూర్చున్న ఒకామె తోతాపురి కాయ తొడిమ గోటితో గిల్లి, "సూడు తల్లీ, ఇప్పుడే చెట్టు దిగినట్టుండాది" అని నా ముఖం దగ్గర పెట్టింది. ఆమెకేం తెలుసు పాపం. ఆ వాసన వెనకే ఇనప తూకం రాయి, పగిలిన కణత, నెత్తుట్లో దొర్లిన కాయలు ఒకటొకటిగా వచ్చినాయి. కాయలు కొనకుండానే ఇంటికొచ్చేసినాను.

మా నాయనది చిత్తూరులో మామిడి మండీ. ముందర మండీ, వెనక ఇల్లు, మధ్యలో రేకుల పంచ. ఎండలు ముదిరితే చాలు లారీలు వరసకట్టేవి, వరిగడ్డి పరుపుల మీద కాయలు గుట్టలు గుట్టలుగా పడేవి, పండి పగిలినవాటి మీద తేనెటీగలు, కిందపడి నలిగినవాటి మీద మా కాళ్ళు, ఇల్లంతా తీపీ పులుపూ కుళ్ళూ కలిసిన ఒక మత్తు వాసన, కంచంలో మూడు పూటలా మామిడికాయ పప్పో పచ్చడో, అది చాలక ఉప్పూకారం అద్దిన ముక్కలు. మా ఆటలు కూడా అట్లాంటివే. పచ్చికాయ తొడిమ విరిచి సొన ఒకరి ముఖం మీద ఒకరు చిమ్ముకోవడం, కండ్లకు తగిలితే గెలిచినట్టు. నా చెంప మీద నల్లటి మచ్చ అట్లా వచ్చిందే. ఇంట్లో పెద్దోళ్ళు మాత్రం తక్కువా? మా నాయనకు చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. హమాలీని కొట్టేవాడు, లారీ క్లీనర్‌ని కొట్టేవాడు, అన్నం మెత్తబడితే కంచం గోడకేసి కొట్టేవాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ తుడిచేది. మా అవ్వ, అంటే ఆయన్ని కన్నతల్లి, ఏమన్నా అనబోతే "నువ్వు నోరు మూసుకో" అనేవాడు. ఆమె నిజంగానే మూసుకునేది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

ఆ ఇంట్లో భయపడనిది ఒక్కతే, నాయన చెల్లెలు లచ్చిమత్త. సొన పడి నా చెంప బొబ్బలెక్కినప్పుడు కొబ్బరినూనె రాసింది ఆమె, నా మీద సొన చిమ్మినోడి చెవి మెలిపెట్టిందీ ఆమే. సత్యవేడు నుంచి సొంత లారీలో కాయలు తెచ్చే రఘు అనే అతన్ని చూసి, దాచుకోకుండా అవ్వతో చెప్పేసింది, "చేసుకుంటే ఆయన్నే చేసుకుంటా, లేకుంటే నన్నిట్లే వదిలేయండి" అని. అబ్బాయి బుద్ధిమంతుడు, మనోళ్ళే, నాయనక్కూడా నచ్చినాడు. ఇక జాతకాలు చూసుకోవడమే మిగిలింది. ఆ కొంపముంచే పని ఎవరికి వారు వేరువేరుగా చేసినారు.

మావైపు చూసింది పంచాంగం అయ్యవారు. అత్తది రోహిణి, వృషభరాశి. రఘుది ఉత్తరాభాద్ర, మీనరాశి. పంచలో చాప మీద కూర్చుని ఆయన ఒక్కో పొంతననీ వేళ్ళ మీద లెక్కబెడుతుంటే నేను ఆయన ముందర మజ్జిగ చెంబు పెట్టి అక్కడే నిలబడినాను. నాడులు వేరు, కాబట్టి ఎనిమిది గుణాలూ వచ్చినాయి. రాశులు ఒకదానికొకటి మూడు, పదకొండు స్థానాల్లో పడినాయి, అక్కడ ఏడూ వచ్చినాయి. ఇద్దరిదీ మనుష్యగణమే, ఆరూ వచ్చినాయి. రాశి అధిపతులు శుక్రుడూ గురువూ పెద్ద స్నేహితులు కారు, అక్కడ అరగుణమే. తారలో సగం పోయింది. వర్ణం, వశ్యం, యోని తలా ఒకటి. ముప్పై ఆరుకు మొత్తం ఇరవై ఆరు. "పద్దెనిమిది దాటితే చేసుకోవచ్చు, ఇది బాగా దాటింది. రజ్జు దోషం కూడా లేదు" అన్నాడాయన. అత్త తలుపు వెనక నుంచి వింటూ నా జడ పట్టుకుని గట్టిగా లాగింది. సంతోషం వస్తే ఆమె అట్లానే చేసేది.

వాళ్ళవైపు చూసింది రఘు మేనమామ మునస్వామి. అరవనాడు పక్కనే కదా, అక్కడ సంఖ్యల జోస్యం నేర్చుకున్నాడు. ఆయనకు నక్షత్రాలతో పనిలేదు, పుట్టిన తేదీ చాలు. మా నాయన తేదీ చెప్పి పంపినాడు, పదిహేడు, మంగళవారం అని. ఒకటీ ఏడూ కలిపితే ఎనిమిది. రఘు పుట్టింది పదో తేదీ, అంటే ఒకటి.

తాంబూలాలు మార్చుకుందామని రఘు వాళ్ళు పొద్దున్నే వచ్చినారు. పంచలో కూర్చున్నారు, అమ్మ బొబ్బట్లు పెట్టింది. మునస్వామి మాత్రం తినలేదు. "అన్నా, ఏమనుకోవద్దు. ఇది పొరుత్తం కాదు" అన్నాడు. పొరుత్తం అంటే వాళ్ళ మాటలో పొంతన. "ఎనిమిది శని, ఒకటి సూర్యుడు. తండ్రీకొడుకులైనా ఆ ఇద్దరికీ పడదు. పోనీ పేరు కాపాడతాదేమో అని సూసినా." ఇంగ్లీషు అక్షరాలకు ఆయన లెక్క వేరే ఉండేది. ఎల్‌కు మూడు, ఏకు ఒకటి, కేకు రెండు, ఎస్‌కు మూడు, హెచ్‌కు అయిదు, ఎమ్‌కు నాలుగు, ఐకి ఒకటి. మొత్తం పంతొమ్మిది, కలిపితే పది, చివరికి మళ్ళీ ఒకటి. "పేరు కూడా సూర్యుడిదే. పుట్టుకతో పేరే కొట్లాడతా ఉండాది. చేయాలంటే అయిదో ఆరో వచ్చే పేరు పెట్టుకోవాల, అవి శనికి చుట్టాలు."

"ఇరవై ఆరు గుణాలు వచ్చినాయయ్యా" అన్నాడు అయ్యవారు.

"నీ గుణాలు నీకుండనీ సామీ. శని పిల్లని మా ఇంటికి తెచ్చుకుంటామా?"

లక్ష్మి మా నాయన అవ్వ పేరు, అదే అత్తకు పెట్టినారు. ఆయన్ని పెంచిందే ఆమె. ఆ పేరు తీసేయమనడం ఒకటి, చెల్లెల్ని శని అనడం ఇంకొకటి. ఆయన లేచింది నేను చూడలేదు. తక్కెడలోని రెండు కిలోల ఇనప రాయి గాలిలో పోవడం మాత్రం చూసినాను. అది మునస్వామి కణత మీద తగిలి, తడి గుడ్డ బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. ఆయన కాయల గుట్ట మీదికి వెల్లకిలా పడినాడు. గుట్ట జారి తలుపు దాకా కాయలు దొర్లినాయి, నలిగిన తొడిమల్లోంచి సొన, ఆయన తల్లోంచి నెత్తురు. రఘు తమ్ముడు పెట్టె చెక్క ఊడబెరికి నాయన మోకాలి మీద కొట్టినాడు. నాయన వాడి చేతిలోంచి ఆ చెక్కే లాక్కున్నాడు, మేకులతో సహా. హమాలీలు ఒకరి గొంతులు ఒకరు పట్టుకున్నారు, ఎవరి పన్నో నా కాలి దగ్గర పడింది, అమ్మ బొబ్బట్ల పళ్ళెం గుండెకు అదుముకుని అరుస్తా ఉంది. నాయన చెక్క ఎత్తి రఘు తమ్ముడి తల మీదికి దించుతుండగా లచ్చిమత్త అడ్డం వచ్చి ఎడమ చెయ్యి పెట్టింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది.

అందరూ ఆగిపోయినారు. చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడతా ఉంది. అత్త ఏడవలేదు. ముఖం మాత్రం సున్నంలా తెల్లబడింది.

"ఇద్దురూ ఈడ కూసోండి" అని అయ్యవారినీ మునస్వామినీ చూపించింది. "ఉండేది ఒక్క పిల్ల. ఒకాయన చేసుకోమంటాడు, ఒకాయన చావమంటాడు. ఎట్లా వచ్చినాయి రెండు మాటలు? అది తేలినాకే నేను చెయ్యి కట్టించుకుంటా. కూడదంటే నిజంగానే కూడదని తేల్చండి, ఇంగ ఆ పేరెత్తను."

తేలకపోతే రఘు దక్కడు. అంతకన్నా, శని పిల్ల అన్న మాట ఊరంతా పాకి జన్మంతా ఆ మండీలోనే, ఆ అన్న చెయ్యి కిందనే పడుండాలి. అది అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

మునస్వామి తలకు తువ్వాలు అదిమిపట్టుకుని కూర్చున్నాడు. నెత్తురు చెవి మీదుగా కారుతున్నా అయ్యవారు అడిగినదానికి జవాబు చెప్పినాడు, నిజాయితీ గల మనిషి. తేదీ ఎంత తీసుకున్నావని అడిగితే పదిహేడు అన్నాడు. అయ్యవారు సంచిలోంచి అత్త పుట్టిన ఏటి పంచాంగం తీసి కాసేపు చూసినాడు. "నాకు రోహిణి అనీ, తెల్లవారుజామున పుట్టిందనీ చెప్పినారు. పదిహేడు తెల్లవారుజామున చంద్రుడు కృత్తికలో ఉన్నాడు. రోహిణి వచ్చేది మరుసటి తెల్లవారుజాముకు. మన ఇద్దరి లెక్కల్లో పిల్ల ఒకటే గానీ రోజులు రెండయ్యా. కన్నామెని అడగండి."

అప్పుడు అందరూ గోడవార చతికిలబడిన మా అవ్వ వైపు తిరిగినారు.

"మంగళారం దీపాలేళ నొప్పులు మొదలైనాయి" అంది అవ్వ. "తిరపతికి పోయే మొదటి బస్సు హారన్ కొట్టినాక పుట్టింది. ఇంకా పొద్దు పొడవలా. పొద్దు పొడిస్తే కదా బుధారం, అందుకని మంగళారమనే చెప్పుకున్నాం."

మునస్వామి తువ్వాలు తీసేసినాడు. "మంగళవారం పదిహేడు. మాకు తేదీ అర్ధరాత్రే మారిపోతాది. అయితే ఆ పిల్లది పద్దెనిమిది." పొద్దు లెక్క పట్టే సంఖ్యలవాళ్ళు కూడా ఉన్నారట, కానీ రఘుకు తను ఆస్పత్రి తేదీ పట్టుకున్నాడు, కాబట్టి ఇద్దరికీ ఒకటే కొలత ఉండాలన్నాడు. రఘు పుట్టింది మిట్టమధ్యాహ్నం, ఏ లెక్కలో చూసినా పదే. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. తొమ్మిది కుజుడు, కుజుడికి సూర్యుడు మిత్రుడు. పేరులోని ఒకటి కూడా ఇప్పుడు చుట్టమే అయిపోయింది. అవ్వ చెప్పిన వేళకు రోహిణి నడుస్తూనే ఉందని అయ్యవారు మళ్ళీ చూసి చెప్పినాడు. ఆయన ఇరవై ఆరు అట్లే నిలబడింది, ఈయన కూడదన్నది కూడిపోయింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు నాయన, చెక్క ఇంకా చేతిలోనే ఉంది.

"నన్నెవురడిగినారు?" అంది అవ్వ. "నోరు మూసుకోమంటివి, మూసుకున్నా."

చెయ్యికి పుత్తూరులో కట్టు కట్టించినారు గానీ, ఆ కూర్చోబెట్టిన ఆలస్యానికో ఏమో, ఎముక వంకరగానే అతుక్కుంది. పెళ్ళిలో కుడిచేతికి మాత్రమే గాజులు తొడిగినారు. మునస్వామి తలకు కట్టుతోనే పీటల దగ్గర నిలబడినాడు. మా నాయన మారిపోయినాడా అంటే, లేదు, ఆ తర్వాత కూడా చాలామందిని కొట్టినాడు. చెల్లెలొస్తే మాత్రం పంచలోంచి లేచి బయటికి పోయేవాడు. ఆ వంకర చెయ్యి చూస్తూ ఒక్క ముద్ద కూడా తినలేకపోయేవాడు. నేనాయన్ని క్షమించలేదు, కానీ ఆయన లేచిపోవడం చూస్తే మాత్రం ఏడుపొచ్చేది.

ఇప్పుడు నాయన లేడు, అవ్వ లేదు, ఆ ఇద్దరు లెక్కలవాళ్ళూ లేరు. మండీ చోట సెల్‌ఫోన్ల అంగళ్ళు లేచినాయి. ఇనప రాళ్ళు ఏ పాతసామాన్లోడికి పోయినాయో.

పోయిన నెల సత్యవేడులో లచ్చిమత్త ఇంటికి పోయినాను. మనవరాలికి సంబంధం చూస్తున్నారు. ఫోన్లో వేస్తే జాతకం కుదిరింది, సంఖ్య కుదరలేదు. అత్త కొడుకూ, పిల్లోడి తండ్రీ ఒకరి ఫోన్ ఒకరికి చూపించుకుంటూ గొంతులు పెంచినారు. వచ్చినాయన కుర్చీ వెనక్కి నెట్టి లేచినాడు. అత్త కొడుకు కూడా లేచినాడు, అచ్చం మా నాయన లేచినట్టే.

లచ్చిమత్త కదలకుండా కూర్చునే, తన వంకర చెయ్యి చాపి ఆ రెండు ఫోన్ల మీదా పెట్టింది.

"ఆ పిల్లని కన్నది వంటింట్లో మామిడికాయలు తరగతా ఉండాది" అంది. "ముందు దాన్ని పిలవండిరా."