పన్నె అవతల కూర్చున్న మనిషి

మందుల షాపు పైన రెండు గదుల చేనేత బట్టల దుకాణం నడిపే ఆవిడని వీధిలో అందరూ చీరలక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా బట్ట విప్పి, మడిచి, అమ్మి బతికింది. ఒక్కసారి చేత్తో తడిమితే నూలు ఎంత సన్నమో, ఎన్నో నంబరో చెప్పగలదు. కానీ దాని గురించి నాలుగు వాక్యాలు రాయమనేసరికి ఆవిడ ప్రాణం కడబట్టింది.

ఆ నాలుగు వాక్యాలు అడిగింది ప్రదర్శన నిర్వాహకురాలు. ఏటా జరిగే బట్టల ప్రదర్శనలో ఒక్కో అమ్మకందారుకీ కేటలాగులో ఒక పేజీ ఇస్తారు. చీరలక్క తన వెబ్‌సైటులో ఉన్నదాన్నే పంపింది. ‘తరతరాల వారసత్వం. ప్రతి పోగులో ఒక కథ. ప్రకృతి ఒడిలోంచి తీసిన సహజ రంగులు. నేతన్న ఆత్మ నింపి నేసిన కాలాతీత సౌందర్యం.’ అయిదేళ్ల కిందట వెబ్‌సైటు కట్టినతను రాసిపెట్టిన మాటలవి. వాటిని చదివినప్పుడల్లా ఆవిడకి గర్వంగానే ఉండేది.

నిర్వాహకురాలు ఫోన్ చేసింది.

"అక్కా, ఏమీ అనుకోకండి. ఇదే మాట ఇంకో పదకొండుమంది పంపారు. పేరు మారిస్తే ఎవరి పేజీ ఎవరిదో నాకే తెలియట్లేదు. మీ చీరకే చెల్లేదేదైనా రాయండి. శుక్రవారంలోపు."

చీరలక్కకి ఒళ్లు మండింది. మండినా కూర్చుని రాసింది. ‘తరతరాల’ కొట్టేసి ‘అనాదిగా’ అంది. ‘ఆత్మ’ తీసి ‘హృదయం’ పెట్టింది. మూడుసార్లు పంపితే మూడుసార్లూ వెనక్కొచ్చింది. కౌంటరు మీద పార్సిళ్లు కడుతున్న భర్త మూడో కాగితం చదివి, "ఇది పెళ్లి శుభలేఖలా ఉంది," అన్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని ఉండ చేసి ఆయన మీదకే విసిరింది.

"నాకు రాయడం రాదండీ."

"రాయడం సంగతి తర్వాత. నీకు తెలిసిందేంటో ముందు చెప్పు."

అక్కడే ఆవిడ చిక్కుకుపోయింది. తెలిసింది బట్ట. బట్టకి ముందు ఏం జరుగుతుందో తనకి సగమే తెలుసు. భర్త అన్నగారే ఆవిడకి చీరలు నేసిస్తాడు. ఆ బావగారింటికి ఎన్నిసార్లు వెళ్లినా, చీరలు మూటకట్టుకుని రావడమే తప్ప మగ్గం పక్కన గంటసేపు కూర్చున్నది లేదు.

మర్నాడు రెండు బస్సులు మారి బావగారింటికి వెళ్లింది. ఆయన ముందుగదిలో గుంటమగ్గం మీద ఉన్నాడు. కాళ్లు గోతిలో, కళ్లు నేత మీద. చీరలక్క నోటుపుస్తకం తీసి అడిగింది.

"బావగారూ, మీరు నేసేటప్పుడు మనసులో ఏమనుకుంటారు?"

"పోగు తెగకూడదనుకుంటా."

"అంతేనా? ఇంకేమీ ఉండదా?"

"ఇంకేముంటుందమ్మాయ్? నువ్వు మాట్లాడిస్తుంటే ఇదిగో, ఇప్పుడే తెగింది."

ఆయన విసుక్కుంటూ తెగిన పోగు వెతుక్కున్నాడు. రంగుల గురించి అడిగితే గోడవారగా ఉన్న రేకు డబ్బాలు చూపించాడు. అన్నీ బజారులో కొన్న రసాయన రంగులే.

"మరి సహజ రంగులు?"

"ఎవరు చెప్పారు నీకు? ఇరవై ఏళ్లుగా ఇవే వేస్తున్నాం. ఉతికితే పోవు, అదీ వీటి గొప్ప."

చీరలక్క పెన్ను పక్కన పెట్టింది. అయిదేళ్లుగా ఎంతమందికి చెప్పింది ఆ మాట! కావాలని చెప్పిన అబద్ధం కాదు, అడగకుండా నమ్మిన అబద్ధం. అలా అనుకున్నా మనసు కుదుటపడలేదు. తిట్టుకుంటూ మగ్గం మీది చీర అంచు మీద చెయ్యి వేసింది. రెండు అంచుల వెంబడీ సూది మోపినంత చిల్లులు వరసగా తగిలాయి. వీటిని చూపించి చీర తిరగ్గొట్టినవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు ఉంటారు. ప్రతిసారీ తప్పయిపోయిందని చెప్పి ఆవిడే వెనక్కి తీసుకునేది.

"ఇవెందుకు పడతాయి బావగారూ?"

ఆయన నేత కింద అడ్డంగా బిగించిన బద్దని తట్టి చూపించాడు. దాని రెండు కొసలకీ చిన్న మేకులున్నాయి. "ఇది లేకపోతే బట్ట లోపలికి ముడుచుకుపోతుంది. నాలుగు వేళ్ల నేత అవ్వగానే పీకి ముందుకి గుచ్చుతా. చిల్లులు లేకుండా ఎలా ఉంటాయి?"

పంతొమ్మిదేళ్లు. ఒక్క ప్రశ్న. చీరలక్కకి తన తల తనే గోడకి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు మగ్గం అవతలి నుంచి తోడికోడలు పిలిచింది. ఆవిడ పొద్దుట్నుంచీ అక్కడే ఉంది. ఆ గదిలోనే ఉన్న రెండో మగ్గం దగ్గర, పోగుల్ని దువ్వెనలా వరసలో పట్టి ఉంచే పన్నె వెనక, పీట వేసుకుని కూర్చుంది. అక్కడ పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది. దాని కొసలకి కొత్త పడుగు పోగుల్ని అతుకుతోంది. పక్కన చిప్పలో బూడిద. పోగు జారకుండా బొటనవేలు, చూపుడువేలు బూడిదలో అద్ది, పాత పోగూ కొత్త పోగూ కలిపి ఒక్క మెలి తిప్పుతుంది, వదులుతుంది. మళ్లీ ఇంకో పోగు.

"ఎన్ని పోగులక్కా?"

"నాలుగు వేలకి కాస్త తక్కువ. రెండు రోజులు పడుతుంది. ఒక్కటి వదిలేశానంటే పడుగు పొడవునా గీత కనపడుతుంది. దీని మీద నాలుగు చీరలొస్తాయి. నాలుగూ పాడే."

"ఇన్నేళ్లుగా నువ్వే అతుకుతున్నావా?"

"మరెవరు? మీ బావగారి వేళ్లు లావు." ఆవిడ తలెత్తకుండానే అంది. "మీ వెబ్‌సైటులో నేతన్న అని రాశారుగా. మా పక్కింటావిడ ఫోన్లో చదివి వినిపించింది. బాగానే ఉంది. నేనే ఎక్కడా లేను."

నిష్ఠూరంగా కూడా అనలేదు. అందుకే చీరలక్కకి గుచ్చుకుంది.

తిరుగుబస్సులో రాసింది. ఎనభయ్యో నంబరు నూలు అని, రంగులు బజారువే కానీ ఉతికితే పోవని, అంచున చిల్లులెందుకుంటాయో, నాలుగు వేల పోగుల్ని బూడిద వేళ్లతో ఎవరు అతుకుతారో, అతికాక ఎలా లాగి చూస్తారో. ఎక్కడా ఆత్మ లేదు, సౌందర్యం లేదు. భర్త చదివి నోటుపుస్తకం మూశాడు.

"రంగుల సంగతి రాయాలా? ఉన్న బేరం పోతుంది."

"పోతే పోనీండి. వెబ్‌సైటులో ఉన్నదీ ఈరోజే తీయించండి."

ఆయన గొణిగాడు, కానీ తీయించాడు. సహజ రంగులని నమ్మి కొన్న ఇద్దరు పాత ఖాతాదారులకి చీరలక్క స్వయంగా ఫోన్ చేసింది. ఒకావిడ నవ్వేసింది. ఇంకొకావిడ మళ్లీ దుకాణం మెట్లెక్కలేదు.

నిర్వాహకురాలికి పేజీ నచ్చింది. చిక్కు వేరేచోట వచ్చింది. ప్రదర్శన రోజు కేటలాగు తెరిచి చూస్తే, చీరలక్క రాసిన ప్రతి మాటా అలాగే ఉంది గానీ, పైన లావుపాటి అక్షరాల్లో ‘ప్రతి పోగులో ఒక కథ’ అని శీర్షిక. అచ్చువేసేవాళ్లు ఖాళీగా ఉందని పెట్టారట. చీరలక్క నిర్వాహకురాలి బల్ల దగ్గరికి వెళ్లి నిలదీసింది.

"ఒక్క లైనేగా అక్కా."

"ఆ ఒక్క లైను తీసెయ్యమనే కదా నువ్వు నన్ను నాలుగుసార్లు తిప్పావు?"

ఆమె ఖాళీ అయిన అట్టపెట్టె చూపించింది. కేటలాగులన్నీ అప్పటికే పంచేశారు.

స్టాలుకి తిరిగొచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంది. మధ్యాహ్నం తోడికోడలు చూడటానికొచ్చింది. పేజీని వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. చదివి, ఒక చోట వేలు ఆపింది.

"ఇక్కడ తప్పు రాశావు. అతికాక పోగుని నేను గట్టిగా లాగి చూస్తానని రాశావు. అలా లాగితే ఊడొస్తుంది. అతుకుల్ని పన్నెలోంచి మెల్లగా జరిపి ఇవతలికి తెచ్చుకుంటాం."

చీరలక్క తల పట్టుకుంది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడగలేదుగా."

చీరలక్క బల్ల మీది పెన్ను తీసుకుని, తన కాపీలో ఆ వాక్యం కొట్టేసి, "సరే, మొదట్నుంచి చెప్పు," అంది.