గుప్పిట్లో గవ్వలు

మా సాయిదివ్య ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, ఫోన్లో ఆటలు తయారుచేస్తుందని చెబుతాను. వాళ్లకు ‘ఆడుతుంది’ అన్నట్టు వినిపిస్తుందో ఏమో, ఓ నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆడపిల్ల మేడమీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎంత తల పగలగొట్టుకున్నా అది ఉద్యోగం కాదు, పొద్దున్నే బస్సెక్కితేనే ఉద్యోగం. దివ్య మా అక్క కూతురు. కనకాలపేటలో మా ఇంట్లోనే ఉంటూ హైదరాబాదు కంపెనీకి పనిచేస్తుంది. ముక్కుమీద కోపం. అది మాత్రం నా పోలికే, ఒప్పుకుంటాను.

దానికి పేరు తెచ్చిన ఆట పుట్టింది మా ఎదురింటి తెరేసమ్మగారి వల్ల. భర్త ఆంథోనీగారు పోయాక ఆవిడ ఫ్రాన్సులో కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. కొడుకు క్రిస్టోఫర్ ఇక్కడే ఫోటో స్టూడియో చూసుకుంటున్నాడు. వాడి కొడుకు చిన్నుకి అప్పటికి ఇంకా మాటలు కూడా రాలేదు. తరవాత వాడికోసం ఆవిడ రోజూ వీడియో కాల్ చేసేది. వాడు ఒకసారి చెయ్యి ఊపి బొమ్మల్లోకి పారిపోయేవాడు. ఆవిడ ఖాళీ గోడనే చూస్తూ కూర్చునేది.

దివ్య అది చూసి అష్టాచెమ్మా పట్టుకుంది. కారణం ఉంది. తెరేసమ్మగారు ఈ వీధిలో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నాలు అరుగుమీద అష్టాచెమ్మా ఆడించేది. ఆవిడ దగ్గర ఒక అలవాటు ఉండేది. తన వంతు రాగానే గవ్వలు గుప్పిట్లో పెట్టి గలగలలాడిస్తూ, “ముందు చెప్పు, ఏం కూరొండేవు?” అనేది. చెప్పేదాకా పందెం వెయ్యదు. కొత్తకోడలిగా వచ్చిన నా ఏడుపంతా ఆవిడ ఆ గుప్పిటతోనే రాబట్టింది. చిన్నతనంలో దివ్య కూడా ఆ గుప్పిట ముందు కూర్చున్నదే.

అందుకే ఫోన్లో కూడా అలాగే పెట్టింది. గవ్వలమీద వేలు నొక్కి ఉంచినంతసేపూ అవతలి ఫోన్లో గలగలమని చప్పుడు వినిపిస్తుంది. వేలు తీస్తే గవ్వలు పడతాయి. మొదట్లో ఫోనంతా గళ్ల పటమే కనిపించేది, చిన్ను మామ్మ ముఖం చూసేవాడే కాదు. దివ్య దాన్ని మార్చింది. మామ్మ వంతు రాగానే పటం చిన్నదైపోయి ఆవిడ ముఖం పెద్దదవుతుంది. వీడియో బిగుసుకుపోయినా ఆట చెడదు. ఎందుకే అని అడిగితే, “పటం బొమ్మ పంపట్లేదు పిన్నీ. ఎంత పడిందో, ఏ కాయ కదిలిందో అంతే వెళ్తుంది. పందెం కూడా ఒక్కచోటే తేలుతుంది కాబట్టి ఇద్దరికీ ఒకటే కనపడుద్ది” అంది.

చిన్ను ట్యూషన్ నుంచి వచ్చే వేళకి అక్కడ ఆవిడ భోజనం ముగించి కూర్చునేది. గలగల మొదలయ్యేది. “ముందు చెప్పు, ఇయ్యాల ఎవడితో కొట్టుకున్నావు?” వాడు చెప్పేవాడు. బళ్లో సంగతులు వాళ్లమ్మకు తెలియకముందే ఫ్రాన్సులో తెలిసేవి. వాడి కాయ చచ్చి ఏడిస్తే ఆవిడ కూడా కళ్లు తుడుచుకునేది. ఆ రోజుల్లో నేను దివ్యను చూసి గర్వపడ్డాను. ఆ మాట దాని ముందు అనలేదు, అంటే నెత్తికెక్కుతుందని.

మా కరెంటు సంగతి తెలిసిందే. ఆట మధ్యలో లైను తెగితే చిన్ను ఫోను విసిరికొట్టేవాడు. పాపం అనుకుని దివ్య ఇంకో ఏర్పాటు చేసింది. లైను తెగితే, తిరిగి కలిసేదాకా మామ్మ తరఫున ఆటే పందెం వేసి కాయ జరుపుతుంది. పిల్లాడు లేచిపోడు, ఆవిడ వచ్చేసరికి ఆట నిలబడి ఉంటుంది. మంచి మనసుతో చేసిన పని.

ఆ మంచి పనినే కంపెనీ పట్టుకుంది. అక్కడి పెద్ద చైతన్య ఫోన్ చేసినప్పుడు నేను మేడమీద బట్టలు ఆరేస్తున్నాను. స్పీకర్లో అంతా వినపడింది.

“దివ్యా, పిల్లలు ఎక్కువగా ఎక్కడ ఆపేస్తున్నారో చూశావా? పెద్దవాళ్ల టర్న్‌లో. వాళ్లు వేలు నొక్కి అలాగే ఉంచేస్తున్నారు. కాసేపు చూసి ఆటోమేటిక్‌గా వేసేద్దాం. నువ్వు రాసింది ఉందిగా, లైను తెగినప్పుడు ఆడేది. అదే వాడదాం.”

“సర్, వాళ్లు ఆలస్యం చెయ్యట్లేదు, మాట్లాడుతున్నారు. ఆ మాటల కోసమే కదా ఈ ఆట!”

“మాట్లాడుకోడానికి మామూలు కాల్ ఉందిగా. ముందు ట్రయల్ ఫ్యామిలీస్‌కి పెట్టి చూద్దాం.”

ఆ ట్రయల్ ఇళ్లలో మొదటి పేరు తెరేసమ్మగారిది. చేర్చింది దివ్యే, కొత్తవన్నీ ఆవిడకు ముందు అందాలని. తీసేస్తానంటే, ఒకసారి చేర్చినవాళ్లను మధ్యలో తియ్యకూడదన్నారు.

కొన్నాళ్లకు, ఎలా ఆడుతున్నారో చూడాలని దివ్య ఎదురింటికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. చిన్ను సోఫాలో బోర్లా పడుకుని ఉన్నాడు. మామ్మ వంతు వచ్చింది. గలగల.

“ముందు చెప్పరా, టీచరు ఏమంది?”

వాడు మాట్లాడలేదు. గలగల ఆగింది, గవ్వలు పడిపోయాయి. చెమ్మా. ఆవిడ కాయ దానంతటదే నాలుగు గళ్లు జరిగింది. చెమ్మా పడితే ఇంకో పందెం కదా, అదీ దానంతటదే పడింది.

“అయ్యో, నేనెయ్యలేదురా నాన్నా. నా వేలు జారిందేమో” అంది ఆవిడ.

“నీ వేలు కాదు మామ్మా” అన్నాడు వాడు, తల ఎత్తకుండా. “నువ్వు మాట్లాడితే లేటవుద్ది. ఊరుకో, అదే ఆడేత్తాది.”

పిల్లాడి తప్పేముంది? జవాబు చెప్పకపోతే తన వంతు తొందరగా వస్తుందని వాడికి నేర్పింది ఎవరు? నాకు ఆ ఫోను తీసుకెళ్లి గోదాట్లో పారెయ్యాలనిపించింది. తెరేసమ్మగారు లేచి పక్కకు వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీ, దానిమీద ఆవిడ శాలువా మిగిలాయి. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా పటం చిన్నదై, ఆ కుర్చీయే పెద్దదిగా కనిపించింది. గవ్వలు పడ్డాయి, కాయలు కదిలాయి. చిన్ను గెలిచాడు. తెరమీద పువ్వులు రాలాయి. “మామ్మతో భలే ఆడావు!” అని అక్షరాలు వచ్చాయి. అవి రాసింది కూడా మా దివ్యే.

ఆ వారమే చైతన్య దగ్గరనుంచి మెసేజి వచ్చింది. ట్రయల్ ఇళ్లలో ఆటలు మధ్యలో ఆగడం బాగా తగ్గిందట. అందరికీ పెట్టేస్తున్నారట. దివ్యకు అభినందనలట. అది నాలుగు రోజులు ఆ కంపెనీతో పోట్లాడింది. అరిచింది, ఏడ్చింది. లైను తెగకుండా నడిచిన ఆ కుర్చీ ఆటను వాళ్లు చివరిదాకా ఆడిన మంచి ఆటల్లో కలుపుకున్నారు. ఎవరూ వినలేదు.

చివరికి తెరేసమ్మగారికే ఫోన్ చేసింది. “ఆంటీ, ఈ ఆట వదిలెయ్యండి. మామూలుగా కాల్ చేసుకోండి.”

“మామూలుగా చేస్తే ఎత్తట్లేదమ్మా” అంది ఆవిడ. “ఆటైతే ఎత్తుతున్నాడు. రోజూ ఆ వేళకి కలిపి, ఫోను పంచదార డబ్బాకి ఆనించి, నా పని నేను చేసుకుంటన్నాను. ఆడు ఆడుకుంటన్నాడు.”

దివ్య ముక్కు చీదింది.

“నువ్వేం బాధపడకు. ఆట బాగా చేశావమ్మా. నేను లేకపోయినా ఆగట్లేదు” అంది.