ఏమీ జరగని పదకొండేళ్ళు

సింగపూర్ సైన్యంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన హరికృష్ణను అక్కడ ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. వారెంట్ ఆఫీసర్ని అక్కడ ‘ఎన్చిక్’ అంటారు, మలయ్‌లో అయ్యగారూ అన్నట్టు. ఎన్చిక్ వస్తున్నాడంటే చాలు, కుర్రాళ్ళు గుండీలు సరిచూసుకునేవాళ్ళు. యాభయ్యో ఏట రిటైరై హౌగాంగ్ ఫ్లాట్‌లో కూర్చున్నాక ఆ పిలుపు ఆగిపోయింది. ఇక మిగిలింది భార్య సత్యవాణి పిలిచే ‘ఏమండీ’ ఒక్కటే. అదీ బట్టలు ఆరెయ్యమనడానికి.

మనిషికి ఓపికుంది, ఒళ్ళొంగుతుంది. పని కావాలి. బ్లాక్ కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలో పొద్దున్నించీ చదరంగం ఆడుకునే నలుగురు పెద్దమనుషుల్ని చూస్తే అతనికి భయం వేసేది. ఆ బల్ల దగ్గర ఐదో కుర్చీ తనకోసమే అన్నట్టు ఖాళీగా ఉంటుంది మరి. నాలుగు నెలల్లో నలభై ఒక్క కంపెనీలకి రెజ్యూమే పంపాడు. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. గోడకి చెప్పుకున్నా గోడ కాస్త వినేదేమో.

ఎదురు ఫ్లాట్‌లో గుంటూరు పిల్ల ఉజ్వల ఉంటుంది. బ్యాంకులో హెచ్.ఆర్. పని, రోజుకి వంద రెజ్యూమేలు చూసే కళ్ళు. సత్యవాణి పులిహోర గిన్నెతో పాటు మొగుడి రెజ్యూమే కూడా ఆ పిల్ల చేతిలో పెట్టింది.

ఉజ్వల చదివింది. మళ్ళీ చదివింది. సి.ఎస్.ఎం., ఆర్.ఎస్.ఎం., ఎం.డబ్ల్యూ.ఓ., బి.ఎం.టి. అలా పేజీ నిండా.

“అంకుల్, ఇది రెజ్యూమేనా, కార్ పార్క్‌లో నంబర్ ప్లేట్లా?”

హరికృష్ణకి చిర్రెత్తింది. “ఆర్.ఎస్.ఎం. అంటే తెలీదా? రెజిమెంటల్ సార్జెంట్ మేజర్. ఈ దేశంలో ఏ మగాణ్ణయినా అడుగు.”

“ముందు చదివేది మగాడని ఎవరు చెప్పారండీ? నాలాంటిది చదువుతుంది. నేను ఇక్కడ పుట్టలేదు, సైన్యం మొహం చూళ్ళేదు. ఆరు సెకన్లు చూస్తాను. అర్థం కాకపోతే పక్కన పడేస్తాను. అంతే.”

మాట నిజమే. కోపం దిగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఆమె అడుగుతుంది, అతను చెబుతాడు. కంపెనీ సార్జెంట్ మేజర్ అంటే ఎంతమంది? నూట ఇరవై. వాళ్ళ రోజువారీ పని చూసేది, క్రమశిక్షణ చూసేది తనే. ఉజ్వల ‘నూట ఇరవై మంది సిబ్బందికి పర్యవేక్షకుడు’ అని రాసింది. బి.ఎం.టి. అంటే కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే తొలి శిక్షణ. ‘కొత్త సిబ్బంది శిక్షణ’ అయింది. పొట్టి అక్షరాలన్నీ అరిటిపండు ఒలిచినట్టు విడిపోతున్నాయి. అసలు హోదా పేరు తీసెయ్యకుండా పైన ఉంచి, కింద మామూలు మాటల్లో పని రాయాలంది. రికార్డులతో సరిచూస్తే తేడా రాకూడదట. తెలివైన పిల్లే.

ఆర్.ఎస్.ఎం. దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది.

“బెటాలియన్‌లో ఎంతమంది?”

“ఆరొందలు.”

“అబ్బో! ‘ఆరు వందల మందికి నాయకత్వం’. రాసేస్తున్నా.”

హరికృష్ణ ముక్కు గోక్కున్నాడు. బెటాలియన్‌ని నడిపేది కమాండింగ్ ఆఫీసర్. ఆర్.ఎస్.ఎం. ఆయన పక్కన నిలబడి సలహా చెప్తాడు, కింది సార్జెంట్లని దిద్దుతాడు, ఆజ్ఞ సరిగా అమలయ్యేలా చూస్తాడు. నాయకుడు కాడు. కానీ ఎవరి డ్యూటీలో వాళ్ళే పెద్ద అని ముప్పై ఏళ్ళు నేర్చుకున్న బుర్ర. రెజ్యూమే ఈ పిల్ల డ్యూటీ. మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

“మీరు సాధించింది చెప్పండి అంకుల్. అంకెల్లో. ఏదైనా పెద్ద సంఘటన?”

అతను ముప్పై ఏళ్ళూ ఒకసారి వెనక్కి తిప్పి చూసుకున్నాడు. “అలాంటివేం జరగలేదమ్మా.”

పది రోజుల్లో ఫోనొచ్చింది. తువాస్‌లో గిడ్డంగుల కంపెనీ, షిఫ్ట్ మేనేజర్ ఉద్యోగం. సత్యవాణి పూజ గదిలోకి పరిగెత్తింది. హరికృష్ణ చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు, మడత కత్తిలా వచ్చింది. నాలుగు నెలల తర్వాత ఒళ్ళంతా సంతోషంగా ఉంది. దాని అడుగున ఆ ఒక్క వాక్యం మాత్రం చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

ఇంటర్వ్యూ చేసింది లిమ్ అనే ఆపరేషన్స్ మేనేజర్, నలభై ఏళ్ళవాడు. ఈ దేశపు మగపిల్లలందరిలాగే అతనూ రెండేళ్ళు సైన్యంలో చేసొచ్చాడు. రెజ్యూమే తిప్పుతూ తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి నవ్వాడు.

“ఎన్చిక్, ఆర్.ఎస్.ఎం. ఆరు వందల మందిని నడిపాడా? మరి మీ కమాండింగ్ ఆఫీసర్ మకాన్‌కి వెళ్ళాడా, భోంచెయ్యడానికి?”

గోరంతని కొండంత చేస్తే కొండ కింద పడేది మనమే. హరికృష్ణ చెవులు వేడెక్కాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ సాకులు చెప్పలేదు, ఉజ్వల పేరెత్తలేదు. జేబులోంచి పెన్ను తీసి, “మీ అనుమతితో” అని ఆ వాక్యం కొట్టేశాడు.

“నడిపింది ఆయన. ఆయన చెప్పింది ఆరు వందల మంది సరిగా చేసేలా చూసింది నేను. తప్పు రాశాను, సర్.”

లిమ్ కొట్టేసిన గీతని చూశాడు. పోయింది, ఈ ఉద్యోగం కూడా పోయిందనుకున్నాడు హరికృష్ణ. వాయిడ్ డెక్‌లో ఐదో కుర్చీ కళ్ళ ముందు కదిలింది.

“అంతకుముందు ఏం చేసేవారు?”

“కొత్త కుర్రాళ్ళ చేత గ్రెనేడ్ వేయించేవాణ్ణి. నిజం గ్రెనేడ్. పదకొండేళ్ళు ఆ విసిరే చోటు, ఆ రేంజ్ భద్రత నాది.”

లిమ్ నవ్వు ఆగింది. గ్రెనేడ్ పట్టుకున్న రోజు ఎవరు మర్చిపోతారు! “నా చెయ్యి ఎంత వణికిందో,” అన్నాడు మెల్లగా. “మీ దగ్గర ఎంతమంది వేసుంటారు?”

“ఇరవై వేలు దాటతారు.”

“దెబ్బలు?”

“లేవు.”

“ఒక్కరికీ?”

“ఒక్కరికీ. చెమట పట్టిన చేతుల్లోంచి మూడుసార్లు జారింది. మూడుసార్లూ పిల్లాణ్ణి గోడ అవతలికి లాగేశాం.”

లిమ్ రెజ్యూమే మొదటి పేజీ తిప్పాడు, రెండోదీ తిప్పాడు. “ఇది ఎక్కడా లేదే? పోయినేడు మా దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ కింద ఒకడి కాలు పోయింది. ఇండియా నుంచొచ్చిన కుర్రాడు. అప్పట్నించీ ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నాను. ఎందుకు రాయలేదు?”

హరికృష్ణకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. సైన్యంలో ఏదైనా జరిగితే రిపోర్టు రాస్తారు. జరగకపోతే ‘నిల్’ అని రాసి సంతకం పెడతారు. పదకొండేళ్ళూ ప్రతి సాయంత్రం అతను రాసింది అదే.

“ఏమీ జరగలేదు కదా సర్,” అన్నాడు. “రాయడానికేముంది?”

లిమ్ లేచి నిలబడ్డాడు. కొట్టేసిన వాక్యం పక్కన ఖాళీలో వేలు పెట్టి, పెన్ను అతని వైపు జరిపాడు.

“ఇక్కడ రాయండి, ఎన్చిక్. ఫైల్లో ఉండాలి. సోమవారం నుంచి రండి.”

హరికృష్ణ పెన్ను తీసుకున్నాడు. పదకొండేళ్ళు, ఇరవై వేల మంది, దెబ్బ తగిలినవాళ్ళు... అని రాసి, అలవాటు చొప్పున ‘నిల్’ అని పూర్తిచేశాడు. కింద సంతకం పెట్టాడు.