కుర్చీ మీద నిలవని దుప్పటి

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరం టైలరమ్మ అంటాం. ఇరవై రెండేళ్ళు సోఫా కవర్లూ కర్టెన్లూ కుట్టిన మనిషి. షాపు మూతపడ్డాక, యాభైకి దగ్గరపడిన వయసులో పట్టుబట్టి కంప్యూటర్ నేర్చుకుని మా దగ్గరికొచ్చింది. మేం ఫర్నిచర్ ప్రకటనలకు యానిమేషన్ చేస్తాం. "గుడ్డ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి మనకి" అని సారు ఆవిణ్ణి మూడు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు. ఆ గడువు ఆ శుక్రవారంతో సరి. నాలుగింటికి ఒక షాట్ చూపించాలి: దుప్పటి పైనుంచి జారి, కుర్చీ మీద పడి, మెత్తగా సర్దుకోవాలి. కుదిరితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే.

కుర్చీ చేసింది నేను. దుప్పటి పని ఆవిడది. రెండు రోజులుగా ఆ దిక్కుమాలిన దుప్పటి మా ఇద్దరి ప్రాణం తోడేస్తోంది.

కంప్యూటర్‌లో గుడ్డ దానంతటది పడదండీ. ఒక్కో ఫ్రేమునీ చిన్న చిన్న స్టెప్పులుగా కోసి, ప్రతి స్టెప్పులో గుడ్డ ఎక్కడికి జారింది, కుర్చీకి తగిలిందా అని అది లెక్క కడుతుంది. స్టెప్పు పెద్దదైతే, ఇప్పుడు కుర్చీ వీపు పలకకి ఇవతలున్న గుడ్డ మరు స్టెప్పులో అవతల తేలుతుంది. మధ్యలో తగలాల్సింది కదా అని దానికి తెలియదు. అందుకే గుడ్డకీ కుర్చీకీ మధ్య ఇంత ఎడం ఉండాలని ఓ అంకె కూడా ఇస్తాం.

టైలరమ్మ ఐదు మిల్లీమీటర్లు ఇచ్చింది. దుప్పటి కుర్చీని తాకకుండా గాల్లో నిలబడి, చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అర మిల్లీమీటరుకి తగ్గించింది. పలకల్లోంచి దూరి నేల మీద పడింది. ఐదు స్టెప్పుల్ని ఇరవై చేసింది, అరవై చేసింది. మిషను నలభై నిమిషాలు మూలిగి, అట్టముక్కలా బిగుసుకున్న దుప్పటి ఇచ్చింది. అప్పటికీ ఒక మూల కుర్చీ పొడుచుకొస్తూనే ఉంది.

"దుప్పటి ఇంత తొందరగా పడదు బాబూ. కళ్ళు మూసి తెరిచేలోగా పడిపోతోంది" అంది. "నీ కుర్చీ ఓసారి కొలిచి చూడనా?"

నాకు ఒళ్ళు మండింది. "కేటలాగు ముందు పెట్టుకుని చేశానమ్మా! ఎత్తు తొంభై అంటే తొంభై. నా మోడల్ జోలికి రాకండి, మీ సెట్టింగులు మీరు చూసుకోండి."

భోజనాల దగ్గర సారు అడిగితే, "ఆవిడ వల్ల అయ్యేలా లేదు సార్" అని చెప్పేశాను. అంత చిరాకులో ఉన్నాను.

రెండింటికి టీ తాగి వచ్చేసరికి ఆవిడ నా మాట కాదని కుర్చీ ఫైలు తెరిచి కూర్చుంది. గయ్యిమన్నాను. "ముందు ఇటు రా" అని కొలత గీత చూపించింది. కింది నుంచి పైదాకా తొమ్మిది సెంటీమీటర్లు.

"ఇది బొమ్మలాటలో పెట్టుకునే కుర్చీ బాబూ."

నాకు తల కొట్టేసినట్టయింది. సెంటీమీటర్లనుకుని మిల్లీమీటర్లలో తొంభై కొట్టాను. కెమెరా దగ్గరగా ఉండబట్టి తెర మీద నిండుగానే కనబడింది. కుర్చీ ఎంత చిన్నదైనా కిందికి లాగే బలం మాత్రం అసలుదే, అందుకే దుప్పటి రెప్పపాటులో పడిపోతోంది. ఈ బుల్లి కుర్చీకి ఐదు మిల్లీమీటర్ల ఎడమంటే, మామూలు కుర్చీకి రెండంగుళాల ఎడం ఇచ్చినట్టే. పాపం, ఆవిడకి రెండు రోజులు దండగ!

కుర్చీనీ దుప్పటినీ కలిపి పదింతలు చేసి, ఆ సైజునే ఖాయం చేసింది. పాత లెక్కలన్నీ చెరిపేసింది. ఎడం మూడు మిల్లీమీటర్లు, స్టెప్పులు పది. మొదటిసారి దుప్పటి చక్కగా పడింది కానీ నెమ్మదిగా కిందికి జారిపోయింది. కుర్చీకి కాస్త పట్టు పెంచి మళ్ళీ నడిపింది. ఈసారి కుర్చీ వీపు మీద వాలి, దాని చేతి మీదుగా జారి, మడతలు పడుతూ నిలిచిపోయింది. గోడ గడియారంలో నాలుగుకి పది తక్కువ.

సారు మూడుసార్లు తిప్పి చూశారు. "బ్రహ్మాండంగా ఉందమ్మా! మరి రెండు రోజులు ఎందుకు పట్టింది?"

ఆవిడ బ్యాగులోంచి కొలత టేపు తీసి వేలికి చుట్టుకుంటోంది. "ఆ కుర్చీ ఎవరు చేశారో వాళ్ళే చెప్తారు సార్" అంది.

"నాదే సార్ తప్పు" అన్నాను. "కొలత నేనే తప్పు వేశాను. కొలుస్తానంటే ఆవిడ మీద అరిచాను. మధ్యాహ్నం మీతో అన్నది కూడా తప్పే."

టేపు చుట్టడం ఆగింది. "మధ్యాహ్నం ఏమన్నావు?"

సారు తెర వైపు తిరిగిపోయారు. ఇక నేనే చెప్పాలి.

"మీ వల్ల కాదన్నానమ్మా."

ఆవిడ టేపు చుట్ట తీసుకెళ్ళి నా కీబోర్డు మీద పెట్టింది.

"సార్, సోమవారం ఏ కుర్చీ?" అని అడిగింది.