చివరి బండి జెండా

సబ్బవరం వైపు రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులవి. సగం రోడ్డు తవ్వేసి, మిగిలిన సగంలోనే పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ వంతులవారీగా వదిలేవారు. రెండు కొసలా చెరొక మనిషి. ఒకరికొకరు కనబడరు, చేతిలో ఫోన్లు లేవు. అందుకని ఇటునుంచి వదిలిన చివరి బండి డ్రైవరుకి ఒక ఎర్రజెండా ఇచ్చేవారు. అది అటు చేరాకే అటువాళ్ళు కదలాలి.

ఓ మధ్యాహ్నం మా బావ వాళ్ళక్క పోయిందని కబురొచ్చింది. తల్లి లేని బావని పెంచిన మనిషి. పొద్దు వాలకముందే శవాన్ని తీసేస్తారట. బావ చేపల వ్యాను కడగకుండానే తీశాడు. పక్కన నేను. నాకు డ్రైవింగు రాదు గానీ, పక్కసీట్లో లేని బ్రేకు తొక్కడంలో మంచి అనుభవం.

వరసలో మా వెనక ఎవరూ లేరు. జెండా బావ చేతిలో పడింది.

"సివరిసూపుకెల్తంటే సివరి బండి," అన్నాడు. నవ్వలేదు.

లైట్లేసి, ముందు లారీకి ఎడం వదిలి, సున్నం పూసిన డ్రమ్ముల వెంట మెల్లగా పోనిచ్చాడు. డ్రమ్ముల అవతల నడుము లోతు గొయ్యి. సరిగ్గా సగం దారిలో వాళ్ళక్క ఊరి మలుపు వచ్చింది. వ్యాను ఆగింది.

"తిప్పీ బావా," అన్నాను.

"మరి జెండా?"

"ముందు లారీవోడికిచ్చేద్దాం."

హారన్ కొట్టాడు. దారి అడుగుతున్నామనుకున్నాడు కాబోలు, లారీవాడు చెయ్యి బయటపెట్టి ఆగమన్నట్టు ఊపి, దుమ్ము లేపుకుంటూ పోయాడు.

"పోనీ, నాను దిగి పట్టుకెల్తాను."

బావ నా పొట్టకేసి చూశాడు. "నువ్వు సేరేసరికి అటోళ్ళు ఇసిగిపోయి బయల్దేరిపోతారు. ఇటోళ్ళూ ఆగరు. మద్దిలో ఎదురుపడితే ఎనక్కెల్లడానికి సోటేది? రోజూ తిరిగేవోణ్ణి, నాకు తెల్దేటి?"

మలుపు వెనక్కి పోయింది. బావ దానికేసి చూడలేదు. అద్దంలో నేను చూశాను.

అటు కొసలో మనిషి మా మొహాలు చూడకుండానే జెండా అందుకున్నాడు. అక్కడ ఆగి ఉన్న బస్సులూ లారీలూ కదిలితేగానీ వ్యాను తిప్పుకునే చోటు లేదు. తిప్పుకునేసరికి జెండా వేరే బండితో వెళ్ళిపోయింది. మళ్ళీ మా వంతు వచ్చేదాకా బావ స్టీరింగు వదల్లేదు.

ఊరి మలుపు తిరిగిన కాసేపటికి, ఎదురుగా తడిబట్టలతో జనం నడిచి వస్తున్నారు. బావ ఇంజను ఆపేశాడు.

ముందు నడుస్తున్న పెద్దాయన కిటికీ దగ్గర ఆగి, "సానాసేపు సూశాం బాబూ," అన్నాడు.

బావ దిగి, బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఇందాకటి జెండా రంగు చెమటకి అరచేతికి అంటుకుని ఉంది. నేను పంపు కొడుతూనే ఉన్నాను. ఆ రంగు వదల్లేదు.